ఒక్క ఆటగాడి లోటు ధరలో ఎంత?

2023 సెప్టెంబర్ 23న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో ఆడుతూ మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రి ప్రత్యర్థి మెడ పట్టుకున్నాడు. రెడ్ కార్డ్ పడింది, ఇంగ్లండ్ పోటీల్లో మూడు మ్యాచ్‌ల నిషేధం వచ్చింది. ఆ మూడింటిలోనూ సిటీ ఓడింది. లీగ్ కప్‌లో న్యూకాజిల్ చేతిలో, ప్రీమియర్ లీగ్‌లో వుల్వ్స్ చేతిలో, తర్వాత ఆర్సెనల్ చేతిలో. నిషేధం యూరప్ పోటీకి వర్తించదు కాబట్టి ఈ ఓటముల మధ్యలోనే లైప్‌జిగ్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కి రోడ్రి దిగాడు. సిటీ 3-1తో గెలిచింది. డిసెంబర్‌లో పసుపు కార్డుల వల్ల ఇంకో మ్యాచ్‌కి దూరమయ్యాడు. ఆస్టన్ విల్లా చేతిలో సిటీ మళ్లీ ఓడింది. ఆ సీజన్ మొత్తంలో లీగ్‌లో సిటీ ఓడినవి మూడే మ్యాచ్‌లు, మూడింటిలోనూ రోడ్రి లేడు. రోడ్రి ఆడిన మ్యాచ్‌లలో సిటీ 2023 ఫిబ్రవరి నుంచి 2024 మే దాకా, వరసగా 74 మ్యాచ్‌లలో ఓటమి ఎరగదు.

ఇది చదివాక మనసులో సహజంగా పుట్టే లెక్క ఒకటుంది: రోడ్రి ఉంటే సిటీ గెలుస్తుంది, లేకపోతే ఓడుతుంది. ఈ లెక్కతో ధర వేసేవాళ్లు తప్పకుండా దెబ్బతింటారు. ఇక్కడ ధర అంటే బుక్‌మేకర్ ఇచ్చే ఆడ్స్. 1.50 అని రాసి ఉంటే, వంద పెట్టి గెలిచినవాడికి మొత్తం నూటయాభై తిరిగొస్తుంది. ఆ అంకె వెనక ఒక అంచనా ఉంటుంది. జట్టు వార్త ఆ అంచనాని ఎంత కదిలించాలన్నదే ఈ అధ్యాయం.

ముందు ఆ ఓటములను విప్పి చూడండి. న్యూకాజిల్, వుల్వ్స్, ఆర్సెనల్, విల్లా: నాలుగూ సిటీ సొంత మైదానంలో జరగలేదు. అన్నీ పరాయి మైదానాలే. ఆర్సెనల్, విల్లా ఆ ఏడాది లీగ్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే తొడ కండరం పట్టేసిన కెవిన్ డి బ్రుయ్నే కూడా ఈ నాలుగింటిలోనూ లేడు. ఆర్సెనల్ గోల్ 86వ నిమిషంలో, సిటీ డిఫెండర్‌కే తగిలి దిశ మారి వెళ్లింది. వుల్వ్స్ మొదటి గోల్ సిటీ ఆటగాడే తన నెట్‌లోకి పంపుకున్నది. విల్లా మ్యాచ్ మాత్రం వేరే కథ. అక్కడ సిటీ మొత్తం మ్యాచ్‌లో రెండు షాట్లే కొట్టింది, విల్లా ఇరవై రెండు కొట్టింది. రోడ్రి లోటు నిజంగా కనబడింది ఆ మ్యాచ్‌లోనే అని నా అభిప్రాయం. మిగతా వాటిలో మైదానం, ప్రత్యర్థి బలం, ఇతరుల గాయాలు, అదృష్టం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. నాలుగు ఫలితాల నుంచి ఒక మనిషి విలువని విడదీయడం సాధ్యం కాదు.

అందుకే గెలుపోటముల జాబితాని పక్కన పెట్టి వేరే ప్రశ్న వేసుకోవాలి. ఈ ఆటగాడు లేకపోతే అతని చోట ఎవరు ఆడతారు? ఈ ఇద్దరి మధ్య తేడా ఒక్క మ్యాచ్‌కి ఎన్ని గోల్స్? ఆటగాడు ఎంత గొప్పవాడన్నది ఇక్కడ సగం సమాచారమే. మిగతా సగం బెంచీ మీద ఉంటుంది. పెద్ద క్లబ్‌లో స్టార్ లేకపోతే వచ్చేవాడు కూడా వేరే జట్టులో స్టార్ అయ్యేవాడే. చిన్న క్లబ్‌లో మధ్యరకం ఆటగాడు తప్పుకున్నా, అతని వెనక కుర్రవాడు తప్ప ఎవరూ లేకపోతే తేడా పెద్దదవుతుంది.

ఇప్పుడు ఒక మ్యాచ్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క కడదాం. అంకెలు నేను ఉదాహరణకి ఎంచుకున్నవి. సొంత మైదానంలో బలమైన జట్టు, ఎదురుగా మధ్యరకం జట్టు. ధరలు: సొంత జట్టు గెలుపుకి 1.53, డ్రాకి 4.60, ప్రత్యర్థి గెలుపుకి 5.90.

మొదటి పని ధరని అవకాశంగా మార్చడం. 1ని ధరతో భాగిస్తే చాలు. 65.4, 21.7, 16.9 శాతం వస్తాయి. కూడితే 104. నూటికి మించిన ఆ నాలుగు బుక్‌మేకర్ మార్జిన్. ప్రతి అంకెనీ 1.04తో భాగిస్తే మార్జిన్ పోయి, దాదాపు 63, 21, 16 మిగులుతాయి. ఇవే మార్కెట్ అసలు అంచనాలు.

రెండో పని ఆ శాతాలని గోల్స్‌లోకి దింపడం. నేరుగా శాతాల్లో సవరిస్తే "ఇతను లేడు, ఓ పది శాతం తీసేద్దాం" అనే కాకిలెక్క వచ్చేస్తుంది. గోల్స్‌లో ఆలోచిస్తే ఆ కాకిలెక్కకి అడ్డు ఉంటుంది. దానికి పాయిసన్ పంపిణీ పనికొస్తుంది. ఒక జట్టు సగటున ఇన్ని గోల్స్ కొడుతుందనుకుంటే, సరిగ్గా సున్నా, ఒకటి, రెండు కొట్టే అవకాశం ఎంతో అది చెబుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా రాస్తారు:

```
=POISSON.DIST(2, 2.0, FALSE)
```

సగటు 2.0 ఉన్న జట్టు సరిగ్గా రెండు గోల్స్ కొట్టే అవకాశం ఇది, నూటికి 27. రెండు జట్లకీ ఇలా సున్నా నుంచి ఏడు వరకు రాసి, అడ్డంగా నిలువుగా గుణిస్తే ప్రతి స్కోరు అవకాశం వస్తుంది. సొంత జట్టు ఎక్కువ కొట్టిన గళ్లన్నీ కూడితే గెలుపు, సమానమైనవి కూడితే డ్రా. సగటులను కొద్దికొద్దిగా మారుస్తూ పోతే మన మ్యాచ్‌కి సొంత జట్టు 2.0, ప్రత్యర్థి 0.9 అన్న చోట 63, 21, 16 సరిపోతాయి. ఈ పద్ధతికి ఒక చిన్న లోపముంది: తక్కువ స్కోర్ల డ్రాలని కాస్త తగ్గించి చూపిస్తుంది. మనకి కావలసింది సవరణకి ముందుకీ తర్వాతకీ తేడా కాబట్టి ఆ లోపం రెండు వైపులా ఉండి పెద్దగా బాధించదు.

మూడో పని అసలు సవరణ. సొంత జట్టు ముఖ్య స్ట్రైకర్ రాడనుకుందాం. అతని ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, అంటే అతనికి దొరికే షాట్ల నాణ్యతని బట్టి తొంభై నిమిషాలకి ఆశించదగ్గ గోల్స్, పెనాల్టీలు కాకుండా 0.60. అతని బదులు వచ్చేవాడిది 0.35. తేడా 0.25. చాలామంది ఇక్కడే ఆగి 2.0లోంచి 0.25 తీసేస్తారు. ఇంకా రెండు మెట్లున్నాయి.

స్ట్రైకర్ సాధారణంగా మ్యాచ్ మొత్తం ఆడడు. ఎనభై నిమిషాలు అనుకుంటే తేడా 0.22 అవుతుంది. రెండోది ఇంతకంటే ముఖ్యం. స్ట్రైకర్ కొట్టని షాట్లు గాలిలో కలిసిపోవు. జట్టు బంతిని అంతే సేపు ఉంచుకుంటుంది, అంతే దూరం ముందుకు తెస్తుంది. చివరి షాట్ వింగర్ కొడతాడు, లేదా వెనక నుంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్ కొడతాడు. ఆటగాడి లెక్కలో పోయినదంతా జట్టు లెక్కలో పోదు. నేను ఇక్కడ అరవై శాతం మాత్రమే నష్టంగా ఉంచుతాను. ఇది కొలత కాదు, నా నిర్ణయం. జట్టు ఆట మొత్తం ఒక్కడి కోసమే నడుస్తుంటే ఎక్కువ ఉంచాలి, గోల్స్ పదిమందీ పంచుకునే జట్టయితే ఇంకా తగ్గించాలి. 0.22లో అరవై శాతం 0.13.

2.0 కాస్తా 1.87 అయింది. మళ్లీ పట్టిక కడితే సొంత జట్టు గెలుపు 63 నుంచి 60.2కి దిగుతుంది. డ్రా 22.2, ప్రత్యర్థి 17.6. పాత మార్జిన్‌నే కలిపి ధరగా మారిస్తే 1.53 కాస్తా 1.60. అంతే! జట్టులో ప్రధానంగా గోల్స్ కొట్టేవాడు లేకపోతే జరిగేది మూడు శాతం లోపు మార్పు. అభిమానుల గుండెలో జరిగేదానికీ ఈ అంకెకీ పోలికే లేదు. ఈ లెక్క మొదటిసారి కట్టినవాళ్లకి ఎక్కడో తప్పు చేశామనిపిస్తుంది. తప్పు లేదు. పదకొండు మందిలో ఒకడి చోట ఇంకొకడు, అతనూ ప్రొఫెషనల్ ఆటగాడే.

మరి రోడ్రి లాంటివాడి సంగతి? అతని పని గోల్స్‌లో కనబడదు. బంతి పోయిన చోటే తిరిగి లాక్కోవడం, ఎదురుదాడి మొదలవకముందే ఆపడం, ముందువాళ్లకి బంతి అందించడం. అతని లోటు రెండు వైపులా పడుతుంది: కొట్టేవి కొంచెం తగ్గుతాయి, తినేవి కొంచెం పెరుగుతాయి. ఇలాంటివాళ్లకి ఒక్క గణాంకం చాలదు కాబట్టి నేను పైనుంచి హద్దు పెట్టుకుంటాను. మామూలు మొదటి జట్టు ఆటగాడు లేకపోతే గోల్ తేడాలో 0.05 నుంచి 0.10. జట్టుకి వెన్నెముక లాంటివాడైతే 0.20 దాకా. అంతకు మించి రాయాలంటే బెంచీ మీద ఎవరూ లేరన్నంత గట్టి కారణం ఉండాలి. మన మ్యాచ్‌లో 0.20 పెట్టి చూడండి: సొంత జట్టు 1.9, ప్రత్యర్థి 1.0. గెలుపు 63 నుంచి 58.4కి, ధర 1.65కి వస్తుంది. ఒక్క ఆటగాడికి ఇది చాలా పెద్ద కదలిక.

ఈ హద్దు నిజంగా సరిపోతుందా అని 2024-25 సీజన్‌తో పరీక్షించవచ్చు. 2024 సెప్టెంబర్ 22న ఆర్సెనల్ మ్యాచ్‌లో రోడ్రి మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్‌లో దాదాపు మిగిలినదంతా అతను లేడు. ముందు ఏడాది 91 పాయింట్లతో చాంపియన్ అయిన సిటీ, ఈసారి 71 పాయింట్లతో మూడో స్థానంలో ఆగింది. కొట్టిన వాటికీ తిన్నవాటికీ తేడా 62 నుంచి 28కి పడింది. 38 మ్యాచ్‌లలో 34 గోల్స్, అంటే మ్యాచ్‌కి దాదాపు 0.9. ఇదంతా రోడ్రి లోటే అనేవాళ్లు చాలామంది ఉన్నారు. మన 0.20ని సీజన్ మొత్తానికి పరిస్తే ఏడెనిమిది గోల్స్, ఇంచుమించు ఐదు పాయింట్లు. ఇరవైలో ఐదు. మిగతా పదిహేను ఎక్కడివి?

గాయం తర్వాతి వారాలే జవాబు చెబుతాయి. రోడ్రి లేని మొదటి నాలుగు లీగ్ మ్యాచ్‌లలో సిటీ న్యూకాజిల్‌తో డ్రా చేసుకుంది, ఫుల్‌హామ్, వుల్వ్స్, సౌతాంప్టన్‌లని ఓడించింది. పెద్దగా మెరవలేదు గాని కూలిపోలేదు. నవంబర్‌లో బోర్న్‌మత్, బ్రైటన్, టోటెన్‌హామ్ చేతుల్లో ఓడింది, ఆ వెంటనే డిసెంబర్ 1న లివర్‌పూల్ చేతిలో ఓడింది. ఆ నాటికి డిఫెన్స్‌లో రూబెన్ డియాస్, జాన్ స్టోన్స్ లాంటివాళ్లు గాయాలతో వస్తూ పోతూ ఉన్నారు. రోడ్రి చోటు పూడ్చాల్సిన కొవాచిచ్ కూడా కొన్నాళ్లు దూరమయ్యాడు. ముందుతరం ఆటగాళ్లకి వయసు మీద పడింది. మొదటి గాయం ఖరీదు తక్కువగానే ఉంటుంది, ఎందుకంటే బెంచీ దాన్ని పూడుస్తుంది. అదే చోట రెండో గాయం ఖరీదు ఎక్కువ, మూడోది మరీ ఎక్కువ. ఒక్కొక్కరికి రాసిన విలువలని కూడితే వచ్చేదానికంటే అసలు నష్టం పెద్దదవుతుంది. కాబట్టి వార్తల్లో పెద్ద పేరు కోసం వెతకడం కన్నా, ఒకే చోట ఇద్దరు ముగ్గురు లేకుండా పోయిన జట్టు కోసం వెతకడం మేలు. మార్కెట్ కూడా పెద్ద పేరుని వెంటనే లెక్కలోకి తీసుకుంటుంది. పేరు లేని మూడో డిఫెండర్ దగ్గర కొంచెం తడబడుతుంది.

సవరణ ఎంతో తేలింది. అందులో ఎంత ఇప్పటికే ధరలో ఉందన్నది వేరే ప్రశ్న, నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. నిషేధం వారం ముందే అందరికీ తెలుస్తుంది. అది ధరలో పూర్తిగా ఉంటుంది, దానికి మళ్లీ ఏమీ తీయనక్కర్లేదు. గాయమైతే మేనేజర్ మ్యాచ్‌కి ఒకటి రెండు రోజుల ముందు విలేఖరులతో ఏదో అంటాడు: రేపు ప్రాక్టీస్‌లో చూడాలి, ఇంకా నిర్ణయించలేదు. ప్రత్యర్థికి తెలియకూడదని దాచడం వాళ్ల పనిలో భాగమే. కచ్చితమైన లైనప్ ప్రీమియర్ లీగ్‌లో మ్యాచ్ మొదలవడానికి గంటకు పైగా ముందు మాత్రమే వస్తుంది. అప్పటిదాకా ధరలో ఉండేది "ఉంటాడు", "లేడు" అనే రెండు లోకాల మిశ్రమం.

మన స్ట్రైకర్ ఆడే అవకాశం నూటికి 60 అని మార్కెట్ అనుకుంటోందనుకుందాం. ఉంటే 63, లేకపోతే 60.2. మొదటిదాంట్లో అరవై వంతులు, రెండోదాంట్లో నలభై వంతులు కలిపితే 61.9. ధర ఇప్పటికే 1.53 కాదు, 1.55. లైనప్‌లో అతని పేరు లేదని తేలిన క్షణంలో గెలుపు 61.9 నుంచి 60.2కి, ధర 1.55 నుంచి 1.60కి వెళుతుంది. కదలిక రెండు శాతం కూడా లేదు. పేరు ఉంటే ఒక్క శాతం పైకి వెళుతుంది. వార్త నిజమైన కొత్తదనం అంతే. పాత వార్తకి మొత్తం సవరణ చేయడం నేను తరచుగా చూసే తప్పు. దాన్ని పట్టుకునే మార్గం సులువు: మీ అంచనాని లైనప్ వచ్చాక స్థిరపడిన ధరతో పోల్చండి. ప్రతిసారీ మీరు మార్కెట్ కన్నా ఒకే వైపుకి దూరంగా ఉంటే, ఒకే వార్తని రెండుసార్లు లెక్కపెడుతున్నారన్నమాట.

రెండుసార్లు లెక్కపెట్టడం ఇంకో దారిలో కూడా జరుగుతుంది. ఆటగాడు ఆరు వారాలుగా లేడు, మీ జట్టు రేటింగ్ ఇటీవలి పది మ్యాచ్‌ల నుంచి కట్టింది. ఆ పదిలో సగానికి పైగా అతను లేనివే. రేటింగ్‌లోనే లోటు సగం కలిసిపోయింది, మీరు మళ్లీ పూర్తిగా తీసేస్తారు. తిరిగొచ్చేటప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది. గాయం నుంచి వచ్చినవాడు మొదట బెంచీ మీద, తర్వాత అరగంట, తర్వాత గంట ఆడతాడు. పేరు లైనప్‌లో కనబడింది కదా అని మొత్తం విలువ వెనక్కి ఇచ్చేయకూడదు. ఆడే నిమిషాలకి తగ్గట్టు ఇవ్వాలి.

ఈ అంచనాలు మెరుగవాలంటే ఒక నోటుపుస్తకం పెట్టండి. వార్త రాకముందు ధర, మీరు రాసుకున్న సవరణ గోల్స్‌లో, ఆటగాడు ఆడతాడని మీరు అనుకున్న శాతం, లైనప్ వచ్చిన పావుగంట తర్వాత ధర, మ్యాచ్ మొదలయ్యే ముందు చివరి ధర. మ్యాచ్ ఫలితం రాయకపోయినా ఫరవాలేదు. ఒక్క ఫలితంలో అదృష్టం పాలు చాలా ఎక్కువ. చివరి ధరలో అందరి సమాచారం కలిసి ఉంటుంది. కొన్ని నెలలు ఇలా రాస్తే గోల్‌కీపర్లకి మీరు ఎక్కువ ఇస్తున్నారా, స్ట్రైకర్లకి ఎక్కువ ఇస్తున్నారా తెలిసిపోతుంది. చాలామంది విషయంలో తేలేది స్ట్రైకర్లకే.

ఇంతసేపూ చెప్పిన ఆడ్స్ మార్కెట్ బ్రిటన్‌లో లైసెన్సులతో, నియంత్రణ సంస్థ కింద నడుస్తుంది. మన దగ్గర అలా కాదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టాలు సవరించారు. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఇక్కడ ఉన్నవాళ్లు పైసా పెట్టకుండా ఈ లెక్కంతా కట్టవచ్చు, నేర్చుకోవలసినది ఏమీ తగ్గదు. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న తెలుగువాళ్లకి చట్టం అడ్డు రాదు. వాళ్లకి మాత్రం ఇదే మ్యాచ్‌లో చివరి అంకె చూపించాలి. స్ట్రైకర్ రాడని మీకు అందరికన్నా ముందు తెలిసిందనుకోండి. ప్రత్యర్థి గెలుపు అసలు అవకాశం 17.6. స్ట్రైకర్ ఆడేది అనుమానమే అనుకుంటున్న మార్కెట్‌లో ప్రత్యర్థి ధర 5.74. గుణిస్తే వందకి సగటున నూటొకటి చిల్లర తిరిగొస్తుంది. మీ అంచనా ఒక్క శాతం తప్పయి అసలు అవకాశం 16.6 అయితే, అదే వందకి దాదాపు ఐదు రూపాయలు పోతుంది. లైనప్ బయటికొచ్చాక ధర కదిలిపోతుంది కాబట్టి ఆ ఒక్క రూపాయి కూడా మిగలదు. ఒక్క ఆటగాడి లోటు నిజమే, కొలవదగినదే, కాని చాలాసార్లు అది బుక్‌మేకర్ మార్జిన్ కన్నా చిన్నది.